భోగి నాడు బ్యాంకు, పున్నమి నాడు పోస్టాఫీసు

2025 సంక్రాంతికి కోరుకొండ తహసీల్దారు కార్యాలయానికి వరసగా ఐదు రోజులు సెలవు కలిసొచ్చింది. జనవరి 11 రెండో శనివారం, 12 ఆదివారం, ఆ తర్వాత భోగి, సంక్రాంతి, కనుమ. బ్యాంకుల లెక్క వేరు. భోగి నాడు వాటికి పనిదినమే. కనుమ కూడా మొదట పనిదినమే. బ్యాంకు ఉద్యోగుల సంఘాలు అడిగాక, తీరా పండగ ముంగిట్లోకి వచ్చాక ప్రభుత్వం కనుమను వాళ్ల జాబితాలో చేర్చింది. ఆఫీసులకు డిసెంబరులోనే తెలిసిన సెలవు బ్యాంకులకు చివరి ఘడియల్లో తెలిసిందన్నమాట. పొరపాటు ఎవరిదా అని వెతకనక్కర్లేదు. ఈ రెండు సెలవులనూ ప్రకటించేది ఒకే రాష్ట్ర ప్రభుత్వమే అయినా, ఒక్కోదానికి వాడే అధికారం వేరు.

ఆఫీసు సెలవు పరిపాలనకు సంబంధించిన నిర్ణయం. ఏటా డిసెంబరు ప్రాంతంలో సాధారణ పరిపాలన శాఖ ఒక జీవో ఇస్తుంది. మొదటి అనుబంధంలో సాధారణ సెలవులు ఉంటాయి. ఆ రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలు మూసి ఉంటాయి. బ్యాంకు సెలవు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 25వ సెక్షన్ నుంచి వస్తుంది. అసలు ఆ సెక్షన్ బ్యాంకు ఉద్యోగికి విశ్రాంతి ఇవ్వడానికి పుట్టింది కాదు. బిల్లు, ప్రామిసరీ నోటు లాంటి కాగితం గడువు సెలవు రోజున పడితే ఏం చేయాలో చెప్పడానికి రాసుకున్నది. ఆ సెలవులు ప్రకటించే అధికారం కేంద్రానిది. దాన్ని 1957లో రాష్ట్రాలకు అప్పగించారు. అందుకే బ్యాంకుల కోసం రాష్ట్రం విడిగా ఇంకో ఉత్తర్వు ఇస్తుంది. ఆ పట్టిక సాధారణ సెలవుల పట్టిక కన్నా చిన్నది. భోగి జారిపోయింది అక్కడే.

ఈ తేడా పట్టింపులేనిదని కొట్టిపారేయడానికి లేదు. గడువు తేదీ రాసిన నోటు ఒకటి ఉందనుకుందాం. రాయితీ రోజులతో సహా లెక్క కడితే దాని గడువు 2025 జనవరి 14న తీరుతుంది. ఆ రోజు 25వ సెక్షన్ కింద సెలవు. చాలామంది 16న కట్టొచ్చనుకుంటారు. చట్టం అందుకు తిరగేసి చెబుతుంది: గడువు ముందరి పనిదినానికి వెనక్కి జరుగుతుంది. అంటే డబ్బు భోగి నాడే కట్టాలి. భోగి ఆఫీసులకు సెలవు గదా అంటే కుదరదు, ఈ చట్టం దృష్టిలో అది మామూలు సోమవారం. (మన ఊళ్లలో రాసుకునే నోట్లు ఎక్కువగా అడిగినప్పుడు ఇచ్చేవే కాబట్టి ఈ చిక్కు తక్కువ. వ్యాపారుల బిల్లులకు మాత్రం ఉంది.) ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ వేసే గడువు ఇందుకు పూర్తిగా భిన్నం. కేంద్ర చట్టాల కింద చివరి రోజున కార్యాలయం మూసి ఉంటే, తెరిచిన తర్వాతి రోజు దాఖలు చేసినా చెల్లుతుందని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం పదో సెక్షన్ చెబుతుంది. సెలవు వస్తే ఒక గడువు వెనక్కి, ఇంకొకటి ముందుకు!

ఇక ఐచ్ఛిక సెలవు. అదే జీవోలో ఇంకో అనుబంధం. ఉద్యోగులు ఓహెచ్ అంటారు, కేంద్ర ఉద్యోగులైతే ఆర్‌హెచ్. జనం ఎక్కువగా తికమక పడేది దీని దగ్గరే. కాలెండర్‌లో ఆ తేదీ పక్కన పండగ పేరు కనిపిస్తుంది, ఆఫీసు ఉండదనుకుని జనం పని వాయిదా వేస్తారు. నిజానికి ఆఫీసు తెరిచే ఉంటుంది. రాష్ట్ర ఉద్యోగి ఏ మతం వాడైనా ఆ జాబితా నుంచి ఏడాదికి ఐదు రోజుల వరకూ తీసుకోవచ్చు. ముందుగా రాసి ఇవ్వాలి, పై అధికారి మంజూరు చేయాలి. కేంద్ర ఉద్యోగికి రెండే. కాబట్టి ఓహెచ్ ఉన్న రోజున మనకు పని ఉన్న గుమాస్తా లేకపోవచ్చు, అంతే. కార్యాలయం మూతపడలేదు గనుక గడువు కూడా జరగదు. ఈ సెలవును జాబితాలో లేని రోజుకు వాడుకోవడం కుదరదు. ఫాల్గుణంలో కోరుకొండ నరసింహస్వామి తీర్థానికి ఊరంతా కొండ కిందే ఉన్నా, కొండెక్కాలనుకున్న ఉద్యోగికి దారి సీఎల్ ఒక్కటే.

పోస్టాఫీసు ఈ రెండు పట్టికల్లో దేనికీ కట్టుబడదు. అది కేంద్రానిది. ఢిల్లీ బయటి కేంద్ర కార్యాలయాలకు పద్నాలుగు సెలవులు తప్పనిసరి, పన్నెండు పండగల జాబితా నుంచి మరో మూడు ఎంచుకోవాలి. మన సంక్రాంతి, ఉగాది, శివరాత్రి, వినాయక చవితి, శ్రీరామనవమి ఆ పన్నెండులోనివే. మూడు స్థానాలకు ఇన్ని పెద్ద పండగలు పోటీ పడితే ఏవో రెండు పోక తప్పదు. బుద్ధ పూర్ణిమ మాత్రం తప్పనిసరి పద్నాలుగులో ఉంది. 2025 మే 12 సోమవారం అలా వచ్చింది: రాష్ట్రంలో అది ఐచ్ఛికం, తహసీల్దారు కార్యాలయం పనిచేసింది. పోస్టాఫీసుకు సెలవు. సేవింగ్సు పుస్తకం పట్టుకుని ఏ గుమ్మం ఎక్కాలో తెలియాలంటే ముందు ఆ గుమ్మం ఎవరిదో తెలియాలి.

చూసుకునే పద్ధతీ అక్కడి నుంచే మొదలవుతుంది. మండల కార్యాలయమైతే సాధారణ పరిపాలన శాఖ జీవో చూడాలి. రాష్ట్ర జీవోలు goir.ap.gov.in లో ఉంటాయి. 2021 ఆగస్టులో వాటిని జనానికి కనిపించకుండా ఆపేశారు, 2024లో మళ్లీ తెరిచారు. ఆ మూడేళ్లూ వాట్సాప్‌లో తిరిగే ఫొటోలే జనానికి గెజిట్ అయ్యాయి. జీవో తెరిచాక పండగ పేరు దగ్గర ఆగిపోకుండా, అది ఏ అనుబంధంలో ఉందో చూడండి. రంజాన్, బక్రీద్, మొహర్రం, మిలాదున్నబీ తేదీలు నెలవంకను బట్టి మారవచ్చని, మారితే పత్రికల్లో, టీవీల్లో వచ్చే ప్రకటనే చాలునని జీవోలోనే రాసి ఉంటుంది. కాబట్టి ఆ నాలుగింటికి డిసెంబరు కాగితం మీద పూర్తిగా ఆధారపడకూడదు.

బ్యాంకుకైతే రిజర్వు బ్యాంకు వెబ్‌సైటు rbi.org.in లో సెలవుల పేజీ ఉంది. అందులో ప్రాంతీయ కార్యాలయం, నెల ఎంచుకోవాలి. మనకు విజయవాడ. హైదరాబాద్ ఎంచుకుంటే తెలంగాణ సెలవులు వస్తాయి. తెలుగు బ్యాంకు సెలవుల వార్తల్లో సగం గందరగోళం ఈ ఒక్క ఎంపికతో వచ్చిందే. రెండో, నాలుగో శనివారాలు 2015 సెప్టెంబరు 1 నుంచి బ్యాంకులకు సెలవు. మండల కార్యాలయానికి నాలుగో శనివారం పనిదినమే. ఏప్రిల్ 1న ఖాతాల ముగింపు కోసం బ్యాంకులు ఖాతాదారులకు మూసి ఉంటాయి. అది పండగ కాదు కాబట్టి గోడ కాలెండర్‌లో కనిపించదు. 2025 మార్చి 31న ఇంకో చిత్రం: రంజాన్ సెలవైనా, ఏడాది చివరి రోజు గనుక ప్రభుత్వ వసూళ్లు, చెల్లింపులు చూసే శాఖలను తెరిచి ఉంచమని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మర్నాడు తహసీల్దారు కార్యాలయం తెరిచి ఉంది, బ్యాంకు లేదు.

నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రింబవళ్లు నడుస్తున్నాయి గనుక ఇప్పుడు ఈ గొడవ ఎందుకనే వారున్నారు. ఫోనులో డబ్బు పంపేవారికి అక్కర్లేకపోవచ్చు. డీడీ తీయాలన్నా, కుదువపెట్టిన బంగారం విడిపించుకోవాలన్నా కౌంటరు తెరిచి ఉండాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వం చేయదగ్గ పని ఒకటుంది. డిసెంబరు జీవోలో ప్రతి తేదీ ఎదురుగా బ్యాంకులకు వర్తిస్తుందా లేదా అని ఒక గడి గీయడం. రెండు ఉత్తర్వులూ తయారయ్యేది ఒకే సచివాలయంలో. కనుమను చేర్చాలో వద్దో జనవరి రెండో వారం దాకా తేలకపోవడానికి కారణం పంచాంగం కాదు.