సగటు పక్కనున్న అంకెను కూడా సరిచూడండి

ప్రోగ్రెస్ రిపోర్ట్ చేతికి రాగానే మనం మొదట చూసేది మన పిల్లల మార్కు, ఆ తర్వాత క్లాసు సగటు. కొన్ని రిపోర్టుల్లో సగటు పక్కనే ‘ఎస్.డి.’ అని ఇంకో అంకె కూడా ఉంటుంది. అది స్టాండర్డ్ డీవియేషన్, మన పాఠ్యపుస్తకాల మాటలో ప్రామాణిక విచలనం. మార్కులు సగటుకు దగ్గరగా ఉన్నాయా, దూరంగా చెదిరి ఉన్నాయా అన్నది అది చెబుతుంది. కంప్యూటర్ ఇచ్చిన అంకె కదా అని దాన్ని ఎవరూ మళ్ళీ లెక్కవేయరు. నా అభిప్రాయం మాత్రం వేరు. పిల్లల సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు ఈ అంకెను పెన్సిలుతో సరిచూడొచ్చు, సరిచూసి తీరాలి కూడా. ఎందుకంటే ఎవరికి అదనపు క్లాసు ఇవ్వాలో కొన్నిచోట్ల దీన్ని బట్టే నిర్ణయిస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఫౌండేషన్ బ్యాచ్‌లో ఎనిమిది మంది పిల్లలు 25 మార్కులకు వీక్లీ టెస్ట్ రాశారనుకోండి. రిపోర్టులో సగటు 18, అత్యల్పం 12, అత్యధికం 25, ఎస్.డి. 13.5 అని ఉంది. సగటు కంటే ఒక ఎస్.డి.కి మించి తగ్గిన పిల్లలకు అదనపు క్లాసు అన్నది అక్కడి నియమం.

అందరి మార్కులూ మనకు తెలియకపోయినా ఇందులో ఏదో తేడా ఉందని చెప్పేయొచ్చు. మార్కులు 12కీ 25కీ మధ్యే ఉన్నాయి, అంటే మొత్తం తేడా 13. మార్కులు అన్నిటికంటే ఎక్కువగా చెదిరేది ఎప్పుడు? సగం మందికి 12, మిగతా సగం మందికి 25 వచ్చినప్పుడు. అప్పుడు కూడా ప్రతి ఒక్కరూ సగటుకు 6.5 దూరంలోనే ఉంటారు. కాబట్టి ఎస్.డి. ఈ తేడాలో సగాన్ని, అంటే 6.5ను దాటదు. ఇది పైహద్దు.

కింద కూడా ఒక హద్దు ఉంది. ఒకరికి 12, ఇంకొకరికి 25 వచ్చిన మాట ఖాయం. మిగతా ఆరుగురూ సరిగ్గా మధ్యలో, 18.5 దగ్గర ఉన్నారనుకున్నా, ఆ ఇద్దరి వల్లే ఎస్.డి. 3.25 అవుతుంది. ఎనిమిది మంది ఉన్న బ్యాచ్‌కు ఇది ఎప్పుడూ ఆ తేడాలో నాలుగో వంతే. అంటే మన రిపోర్టులో ఎస్.డి. 3.25కీ 6.5కీ మధ్య ఉండాలి. 13.5 అన్నది ఎలా చూసినా కుదరదు.

ఇప్పుడు అసలు మార్కులతో పూర్తి లెక్క వేద్దాం. మొదట మార్కులు కూడాలి. మొత్తం 144 వస్తుంది, ఎనిమిదితో భాగిస్తే సగటు 18. తర్వాత ఒక్కో మార్కు సగటుకు ఎంత దూరంలో ఉందో రాసి, దాన్ని వర్గం చేయాలి.

| మార్కు | సగటు నుంచి తేడా | తేడా వర్గం |
|---|---|---|
| 12 | −6 | 36 |
| 15 | −3 | 9 |
| 16 | −2 | 4 |
| 18 | 0 | 0 |
| 18 | 0 | 0 |
| 19 | 1 | 1 |
| 21 | 3 | 9 |
| 25 | 7 | 49 |

ముందుకు వెళ్ళేముందు మధ్య వరుసను కూడి చూడండి. సున్నా రావాలి. రాకపోతే సగటులోనో, తీసివేతలోనో పొరపాటు దొర్లినట్టు. ఇక్కడ −11, +11 సరిపోయాయి. చివరి వరుస మొత్తం 108. దాన్ని 8తో భాగిస్తే 13.5. దీన్ని వేరియన్స్, అంటే విస్తృతి అంటారు. దానికి వర్గమూలం తీస్తే 3.67. అదే అసలు ఎస్.డి.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు తెలిసిపోయింది. వర్గమూలం తీయకుండా వేరియన్స్‌నే ఎస్.డి. గడిలో వేసేశారు. స్ప్రెడ్‌షీట్‌లో `STDEV.P` అని కొట్టాల్సిన చోట `VAR.P` కొడితే సరిగ్గా ఇదే జరుగుతుంది.

కొందరికి ఇదే పట్టికకు 3.93 రావచ్చు. అది తప్పు కాదు. 108ని 8తో కాకుండా 7తో భాగిస్తే అదే వస్తుంది, స్ప్రెడ్‌షీట్‌లో దాని పేరు `STDEV.S`. కొంతమందినే చూసి పెద్ద గుంపు గురించి అంచనా వేసేటప్పుడు ఒకటి తగ్గించి భాగిస్తారు. మనకు కావాల్సింది ఈ ఎనిమిది మంది సంగతే కాబట్టి, ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి గణితంలో చెప్పినట్టు 8తో భాగించడమే సబబు. ఒకటి తగ్గించి భాగిస్తే పైహద్దు కూడా కాస్త పెరిగి, ఇక్కడ 6.95 అవుతుంది.

హద్దుల పరీక్షకు చిక్కని తప్పు ఇంకొకటి ఉంది. తొమ్మిదో విద్యార్థి ఆ రోజు రాలేదనుకోండి. గడిలో `AB` అని రాస్తే స్ప్రెడ్‌షీట్ దాన్ని వదిలేస్తుంది. సున్నా వేస్తే మాత్రం మార్కుగానే లెక్కలోకి తీసుకుంటుంది. అప్పుడు సగటు 16కి పడిపోతుంది, ఎస్.డి. 6.63కి పెరుగుతుంది. ఈ 6.63 రెండు పైహద్దుల మధ్య ఉంది. ఏ పద్ధతిలో భాగించారో తెలియకుండా దాన్ని తప్పని తేల్చలేం. పట్టించేది మార్కుల మొత్తమే. 144ను 16తో భాగిస్తే 9 వస్తుంది, పరీక్ష రాసింది మాత్రం ఎనిమిది మంది.

ఇక అసలు విషయం. 12 మార్కులు వచ్చిన పిల్లవాడి సంగతి చూడండి. సరైన లెక్క ప్రకారం గీత 18 నుంచి 3.67 తీసేస్తే 14.33 దగ్గర పడుతుంది. అతను దాని కింద ఉన్నాడు, అదనపు క్లాసు దొరుకుతుంది. 3.93 తీసుకున్నా గీత 14.07, ఫలితం మారదు. 13.5 తీసుకుంటే గీత 4.5కి జారుతుంది. గైర్హాజరును సున్నాగా లెక్కిస్తే 9.37కి జారుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ పరీక్ష రాసినవారిలో ఎవరికీ సాయం అక్కర్లేదని రిపోర్టు చెబుతుంది. అవసరం ఉన్న ఒక్క పిల్లవాడూ దాని వెనక కనబడకుండా పోతాడు.

‘తల్లిదండ్రులకు ఈ లెక్కలన్నీ ఎందుకు’ అనేవారు ఉన్నారు. అందరి మార్కులూ బయటపెట్టడం బాగోదన్న మాట నిజమే. చిన్న బ్యాచ్‌లో పేర్లు తీసేసినా ఎవరి మార్కు ఏదో ఇట్టే తెలిసిపోతుంది. కానీ సరిచూడడానికి అందరి మార్కులూ అక్కర్లేదు. ఎస్.డి. ముద్రించే ప్రతి రిపోర్టులో పరీక్ష రాసినవారి సంఖ్య, మార్కుల మొత్తం, అత్యల్పం, అత్యధికం, ఎంతతో భాగించారన్నది ఉంటే చాలు. పూర్తి పట్టిక చేతిలో ఉన్న టీచరు, గీత గీసే ముందు ఒకసారి కాగితం మీద లెక్క వేయాలి. ఆ వివరాలు ఇవ్వలేకపోతే ఎస్.డి. గడిని ఖాళీగా వదిలేయడమే మేలు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు రిపోర్టు తీసుకెళ్ళేటప్పుడు అత్యధికంలోంచి అత్యల్పాన్ని తీసేసి, సగం చేసి చూడండి. ఎస్.డి. అంతకంటే బాగా ఎక్కువగా ఉంటే, క్లాస్ టీచరును ఒక్క మాట అడగండి: ‘ఇది ఎస్.డి.యేనా, వేరియన్సా?’