అడిగిందొకటి, వచ్చిందొకటి

“మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మా రికార్డుల ప్రకారం మీ లావాదేవీ సక్సెస్ అయింది. కాబట్టి మీ ఫిర్యాదును ముగిస్తున్నాం. మీ పిన్ నంబరు, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మా సేవలకు మీరు ఎన్ని స్టార్లు ఇస్తారు?”

మా పక్కింటి సారుకు బ్యాంకు నుంచి వచ్చిన మెయిల్ సారాంశం ఇది. సూర్యాపేటలో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన పిన్ ఎవరికీ చెప్పలేదు, చెప్పానని రాయనూ లేదు. ఓటీపీ ఊసే లేదు. ఫోన్ నా చేతికిచ్చి, “నేనేమడిగిన? వాళ్లేం జెప్పిన్రు?” అన్నారు. అడిగింది మళ్లీ చదివాను. వాళ్లు చెప్పింది మళ్లీ చదివాను. రెండింటికీ ఎక్కడా చుట్టరికం లేదు.

జరిగింది చిన్న విషయమే. ఏప్రిల్ 4 సాయంత్రం తన పెన్షన్ ఖాతా కార్డుతో వేరే బ్యాంకు ఏటీఎంలో పది వేలు తీయబోయారు. లోపల నోట్లు లెక్కపెట్టిన చప్పుడైంది, షట్టర్ తెరుచుకోలేదు, స్క్రీన్ మళ్లీ మొదటికొచ్చింది. ఇంటికి చేరేలోపే పది వేలు డెబిట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. సారు లెక్కల మాస్టారు కదా, మెషిన్ మీద అతికించి ఉన్న ఏటీఎం నంబరును ఫోటో తీసుకుని మరీ వచ్చారు. ఆ రాత్రే తన బ్యాంకుకు రాశారు. ఆ ఫిర్యాదులో ఏడుపు లేదు, తిట్టు లేదు. మూడు ప్రశ్నలున్నాయి. ఆ లావాదేవీకి మెషిన్ లోపలి లాగ్‌లో నోట్లు బయటికొచ్చినట్టు ఉందా? ఆ రోజు ఆ మెషిన్‌లో నగదు లెక్క సరిపోయిందా, ఎక్కువ తేలిందా? సీసీటీవీ దృశ్యం చెరిగిపోకుండా దాచి, చూసి చెబుతారా?

వీటికి జవాబు “సక్సెస్”.

ఈ సక్సెస్ అంటే ఏమిటో ఆ మెయిల్ పంపినవాళ్లకు తెలియకపోతే నేను చెబుతాను. మనం పిన్ కొట్టి మొత్తం చెప్పగానే ఆ మెషిన్ మన బ్యాంకును అడుగుతుంది, ఈ ఖాతాలో ఇంత డబ్బుందా, ఇవ్వమంటారా అని. బ్యాంకు డబ్బు తగ్గించుకుని, ఇవ్వమని చెబుతుంది. ఆ ఒప్పుకోలుకు గుర్తే 00 అనే కోడ్. నోట్లు లెక్కపెట్టడం, బయటికి నెట్టడం ఆ తర్వాతి పని. మధ్యలో నోటు ఇరుక్కుంటే, డబ్బు ఇవ్వలేదు, వెనక్కి వేయండి అని మెషిన్ రివర్సల్ సందేశం పంపాలి. ఆ సందేశం దారిలో తప్పిపోతే బ్యాంకు పుస్తకంలో డెబిట్ అలాగే ఉండిపోతుంది, కోడ్ 00గానే కనబడుతుంది. అంటే 00 చెప్పేది బ్యాంకు ఇవ్వమంది అని మాత్రమే. ఇచ్చిందా అన్నది అది చెప్పదు. సారు అడిగింది ఇచ్చిందా అని. వాళ్లు చెప్పింది ఇవ్వమన్నాం అని.

అందుకే ఆయన మూడు ఆధారాలు అడిగారు, మూడూ కావాలి. బ్యాంకుల్లో ఈజే అని పిలిచే ఎలక్ట్రానిక్ జర్నల్‌లో ఏ పెట్టె నుంచి ఎన్ని నోట్లు కదిలాయో, బయటికి పెట్టిందో లేదో వరుసగా నమోదవుతుంది. నగదు నింపేవాళ్లు వచ్చినప్పుడు మెషిన్ చెప్పే లెక్కను లోపల చేత్తో లెక్కపెట్టిన నోట్లతో పోలుస్తారు. ఇవ్వని పది వేలు ఎక్కువగా తేలాలి. ఇక కెమెరా ఎందుకంటే, కొన్నిసార్లు దొంగలు నోట్లు వచ్చే నోటికి అడ్డుపట్టీ బిగించి పోతారు. అప్పుడు మెషిన్ నోట్లు నెట్టినట్టే లాగ్‌లో ఉంటుంది, నగదు లెక్క కూడా సరిపోతుంది, మనిషి చేతికి మాత్రం ఏమీ రాదు. మనం వెళ్లాక వాడొచ్చి పట్టీ తీసి డబ్బు ఏరుకుంటాడు. దాన్ని పట్టించేది ఆ దృశ్యం ఒక్కటే, అది కూడా కొంతకాలానికి తనంతట తానే చెరిగిపోతుంది. ఎదురుచూపు ఎక్కువయ్యే కొద్దీ ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

మెయిల్ పంపిన కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడి ముందు తయారుగా ఉన్న జవాబుల పట్టిక ఉంటుంది, ఏటీఎం అన్న మాట కనబడితే ఏటీఎం జవాబు అతికిస్తాడు. నా కోపం ఆ పట్టిక రాయించి, చదవకుండానే “ముగిసింది” అన్న ముద్ర వేసుకునే వీలు కల్పించిన పెద్దలమీద. అరవై దాటిన మనిషి మూడు ప్రశ్నలు వేస్తే ఆ మూడింటినీ కళ్లతో చూసే ఒక్క మనిషినైనా జీతమిచ్చి పెట్టుకోలేనంత పేదదా ఆ బ్యాంకు? చదవని ఉత్తరానికి చింతిస్తున్నామని రాయడం కన్నా ఏమీ రాయకపోవడమే మర్యాద.

సారు మళ్లీ మొదటి నుంచి కథంతా రాయబోయారు. నేనే ఆపాను. కథ మళ్లీ రాస్తే మళ్లీ ఆ పట్టికలోంచే జవాబు తీస్తారు. కోపంగా రాస్తే కోపానికి జవాబిస్తారు, చింతిస్తున్నాం అనే వాక్యం ఇంకొకటి పెరుగుతుంది. కొత్త ఫిర్యాదు నమోదు చేస్తే కొత్త నంబరొస్తుంది, పాతది ముగిసినట్టే మిగులుతుంది, లెక్క కొత్త తేదీ నుంచి మొదలైందని వాదించడానికి వాళ్లకు సందు దొరుకుతుంది. కాబట్టి అదే మెయిల్ కింద, అదే నంబరుతో రాశాం. దాన్ని బ్యాంకు చదువుతుందన్న ఆశతో రాయలేదు. రేపు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గర కూర్చునే మూడో మనిషికి ఒక్క చూపులో అర్థం కావాలని రాశాం:

“ఏప్రిల్ 4న నేను మూడు ప్రశ్నలు అడిగాను. మీ జవాబు వాటికి ఇలా ఉంది. ఒకటి, ఈజే లాగ్‌లో నోట్లు బయటికొచ్చినట్టు ఉందా: జవాబు లేదు. రెండు, నగదు లెక్కలో ఎక్కువ తేలిందా: జవాబు లేదు. మూడు, సీసీటీవీ దృశ్యం దాచారా: జవాబు లేదు. లావాదేవీ సక్సెస్ అన్నారు. అది మీ బ్యాంకు అనుమతించినట్టు చెబుతుంది, మెషిన్ డబ్బు ఇచ్చినట్టు కాదు. పిన్ గురించి నేను అడగలేదు. ఈ ఫిర్యాదు ముగియలేదు, పాత నంబరు మీదనే తెరవండి. మూడింటికీ వేర్వేరుగా అవుననో కాదనో రాయండి.”

జవాబొచ్చింది. అక్షరం పొల్లుపోకుండా మొదటి జవాబే. పిన్ జాగ్రత్తతో సహా, స్టార్లతో సహా. కొత్తగా చేర్చింది ఒక్కటే, అది వేరే బ్యాంకు మెషిన్ కాబట్టి వాళ్లు చెప్పిందే మేం చెప్పగలం అని.

సారుకు నిజంగా ఒళ్లు మండింది అప్పుడు. ఆయన కార్డిచ్చింది ఈ బ్యాంకు. పెన్షన్ దాచింది ఈ బ్యాంకులో. ఏ బ్యాంకు మెషిన్‌లో తీసినా ఫిర్యాదు కార్డిచ్చిన బ్యాంకుకే చేయాలి. అవతలి బ్యాంకును నిలదీసి లాగ్ తెప్పించుకోవడానికి బ్యాంకుల మధ్య వివాదాల ఏర్పాటు ఉంది, దాన్ని నడిపేది జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ. ఆ తలుపు బ్యాంకుకు తెరిచి ఉంది, సారుకు లేదు. తెరిచే హక్కున్నవాడే తాళం నా దగ్గర లేదంటే ఏమనాలి?

ఈసారి ఉత్తరంలో రెండే వాక్యాలు. “మీ జవాబు నా ఫిర్యాదును తిరస్కరించినట్టా, కాదా? తిరస్కరిస్తే, దీన్ని మీ ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ పరిశీలించారా, లేదా?”

ఈ రెండో ప్రశ్న చాలామందికి తెలియదు. పెద్ద బ్యాంకులు ఒక ఫిర్యాదును పూర్తిగానో కొంతమేరకో తోసిపుచ్చాలనుకుంటే, ఆ మాట మనకు చెప్పేముందు దాన్ని లోపల ఉన్న ఇంటర్నల్ అంబుడ్స్‌మన్‌కు పంపాలన్నది రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం. ఆ పదవిలో ఉండేది ఆ బ్యాంకులో అంతకుముందు పనిచేసిన మనిషి కాకూడదు. అంటే అతికించిన జవాబుతో కాదనడానికి వీల్లేని చోటు ఒకటి ఉంది, అక్కడ ఒకరు ఫైలు తెరిచి చదివి తీరాలి. అందుకే ఆ మెయిళ్లలో కాదు అన్న మాట ఎక్కడా ఉండదు గమనించండి. చింతిస్తారు, అభినందిస్తారు, ముగిస్తారు, కాదని మాత్రం అనరు. వాళ్ల చేతే ఆ మాట అనిపించాలి.

మే 20న పది వేలు ఖాతాలో పడ్డాయి. ఎందుకు పడ్డాయో ఏ ఉత్తరమూ లేదు. ఈజేలో ఏముందో, కెమెరాలో ఏముందో ఇప్పటికీ చెప్పలేదు. ఎస్ఎంఎస్ మాత్రం వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, ధన్యవాదాలు అని.

పరిష్కారం కాలేదు. డబ్బు ఇవ్వని ఏటీఎం డెబిట్‌ను లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా వాళ్లంతట వాళ్లే వెనక్కి వేయాలని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. ఆ గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం, అదీ ఖాతాదారు అడిగేదాకా ఆగకుండా ఇవ్వాలి. గడువు ఏప్రిల్ 9తో తీరింది. అక్కణ్నుంచి మే 20 దాకా 41 రోజులు. 4,100 రూపాయలు. ఐదో తరగతి పిల్లవాడు చేసే గుణకారం. ఇందులో బ్యాంకు దయ ఏమీ లేదు, బాకీ ఉంది.

ఆ 4,100 అడుగుతూ రాస్తే వచ్చిన జవాబు ఊహించగలరు. “మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మా రికార్డుల ప్రకారం మీ డబ్బు జమ అయింది.” సారు ఆ మెయిల్‌ను గట్టిగా చదివి, ఆయన మాటల్లోనే చెప్పాలంటే, “గీళ్లకు తెల్లకాగితం ఇచ్చినా గిదే నింపుతరు” అన్నారు.

మొదటి ఫిర్యాదు చేసి ముప్పై రోజులు ఎప్పుడో దాటాయి. రాతపూర్వకంగా బ్యాంకును అడిగి, ముప్పై రోజులు ఆగినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. వకీలు అక్కర్లేదు. cms.rbi.org.in లో పెట్టొచ్చు, చేతకాకపోతే ఉత్తరం రాసి చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి పంపొచ్చు. సందేహాలకు 14448 నంబరుంది. మేం నెట్‌లోనే పెట్టాం. జతచేసిన కాగితాల్లో మెషిన్ నంబరు ఫోటో, డెబిట్ మెసేజ్, మేం వేసిన ప్రశ్నలు, వాళ్ల జవాబులు తేదీల వరుసలో ఉన్నాయి. ఒకే పేరా అచ్చంగా మళ్లీ పంపిన చోట రెండు మెయిళ్లనూ పక్కపక్కనే పెట్టించారు సారు. వివరణ రాయాల్సిన పెట్టెలో మాత్రం ఆయన ఒక్క పంక్తే రాశారు: “ఏప్రిల్ 10 నుంచి మే 20 వరకు 41 రోజులకు 4,100 రూపాయలు ఇప్పించండి, నా మూడు ప్రశ్నలకు జవాబు కూడా ఇప్పించండి.”