లింకుకు తాళం ఉందా?

హింసను ఎదుర్కొన్న స్త్రీ సహాయ కేంద్రానికి వచ్చి నోరు విప్పేది, తాను చెప్పిన మాట ఆ గది దాటదన్న నమ్మకంతో. ఆ నమ్మకాన్ని మా చేతులతో మేమే ఎలా బజారున పడేశామో చెప్పాలి.

నిధులిచ్చే సంస్థకు లెక్కలు చూపడానికి పవర్ బీఐలో ఒక డాష్‌బోర్డు తయారుచేశాం. పేజీలో పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టలేదు. మండలం, వయసు, నెల, హింస రకం మాత్రమే ఉంచాం. లాగిన్‌తో చూపించాలంటే చూసే ప్రతి ఒక్కరికీ సాధారణంగా లైసెన్సు కావాలి. ఆ ఖర్చెందుకని "Publish to web" నొక్కి, వచ్చిన లింకు పంపేశాం. మనం పంపినవాళ్ళే చూస్తారనుకున్నాం. నిజానికి దానికి తాళమే లేదు. లింకు చేతులు మారితే ఎవరైనా చూడవచ్చు, చూసిందెవరో మనకు తెలియదు.

ఒకరోజు మా కార్యకర్త ఒకామె తన మండలాన్ని, 20-25 ఏళ్ళ వయసును, జూన్ నెలను ఎంచుకుంది. అంకె 1 అయింది. పక్కన "కుటుంబ సభ్యుడి అత్యాచారం" అని ఉంది. ఆ నెలలో పుట్టింటికి తిరిగొచ్చిన అమ్మాయి ఎవరో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. పేరు అక్కర్లేకపోయింది.

అంతకంటే ప్రమాదం వెనకాల ఉంది. గ్రాఫులో మొత్తాలే కనిపించినా, వాటి వెనకున్న పట్టిక కూడా దానితోపాటే వెళుతుంది. పేజీలో చూపని పేర్ల వరుస అందులో ఉంటే, తెలిసినవాళ్ళు దాన్ని బయటికి లాగగలరు. కనపడకుండా దాచడం రక్షణ కాదు.

భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం అత్యాచార బాధితురాలి పేరే కాదు, ఆమెను గుర్తుపట్టేలా చేసే ఏ వివరాన్ని ప్రచురించినా రెండేళ్ళ వరకు జైలు పడవచ్చు. "పేరు రాయలేదు" అనే సమాధానం చాలదు.

అయితే లెక్కలు బయటపెట్టవద్దా? పెట్టాలి. హింస లేదని బుకాయించేవాళ్ళకు అవే మన జవాబు. అందుకని రెండింటినీ వేరుచేశాం. "Manage embed codes"లోకి వెళ్ళి పాత లింకును తొలగించాం. బహిరంగ పేజీకి వేరే ఫైలు చేసి, అందులో జిల్లాల వారీ సంవత్సరపు మొత్తాలు మాత్రమే ఉంచాం. మరీ చిన్న అంకెలను పక్కవాటితో కలిపేశాం. వివరాలున్నది లాగిన్‌తో ముగ్గురికే ఇచ్చాం. ఆ పాస్‌వర్డును నలుగురూ వాడుకుంటే ఆ తాళమూ దండగే.

మీ లింకు ఎలాంటిదో తెలుసుకోవడం తేలిక. బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, లాగిన్ కాకుండా లింకు పెట్టి చూడండి. పేజీ తెరుచుకుంటే అది లోకమంతటిదీ. చిరునామాలో `app.powerbi.com/view?r=` అని ఉన్నా అంతే.

లైసెన్సు డబ్బును పొదుపు చేశామనుకున్నాం. ఆ పొదుపుకు మూల్యం ఆ అమ్మాయి చెల్లించాల్సి రావడం ఏం న్యాయం?