కంటికి కనిపించిన పనికే మార్కు

అలిపిరి నుంచి తిరుమల కొండకు 3,550 మెట్లు. గుండె జబ్బు ఉన్నవాళ్లు నడిచి ఎక్కొద్దని దేవస్థానం చెబుతూనే ఉంది. అయినా ఎక్కుతారు. దారిలో ఎవరైనా కుప్పకూలితే పక్కనున్న వైద్య విద్యార్థి చేతులకు ఏం వచ్చన్నదే అసలు పరీక్ష. ఆ చేతులను పరీక్షించే పద్ధతే ఓస్కీ. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం దీన్ని లోకానికి చెప్పింది. విద్యార్థి ఒక్కో స్టేషన్‌కు వెళ్లి ఒక్కో పని చేసి చూపిస్తాడు, పరీక్షకుడు కార్డు చూసి మార్కులు వేస్తాడు.

చిక్కు ఆ కార్డు దగ్గరే. సీపీఆర్ మీద గంటసేపు చెప్పిన పాఠాన్ని అలాగే కుదించి కార్డులో దించేస్తున్నారు. ‘సీపీఆర్ ప్రాముఖ్యం తెలుసు’ అని రాస్తే పరీక్షకుడు దేన్ని చూసి మార్కు వేయాలి? గుండె ఆగడానికి కారణాలు రాత పరీక్షకు పోవాలి. బంధువులకు విషయం చెప్పడం వేరే స్టేషన్. చేత్తో చేసేది మాత్రమే ఈ కార్డులో మిగలాలి.

నేనైతే విద్యార్థి కార్డు ఇలా రాస్తాను: ‘మెట్లదారిలో 55 ఏళ్ల యాత్రికుడు పడిపోయారు. చుట్టూ జనం ఉన్నారు. ఏం చేస్తారో చేసి చూపించండి. 5 నిమిషాలు.’ పరీక్షకుడి కార్డుకు 20 మార్కులు. మనిషిని చదునైన గట్టి నేల మీదికి చేర్పించినందుకు 1, భుజం తట్టి పిలిచినందుకు 1. ఫలానా మనిషిని చూపించి 108కి ఫోన్ చేయమన్నందుకు 2. గాల్లోకి అరిస్తే సున్నా. 10 సెకన్లలోపు ఊపిరి, మెడ దగ్గర నాడి కలిపి చూసినందుకు 2.

ఇక ‘సరిగ్గా నొక్కాడు’ అన్న వాక్యం ఎంతమాత్రం పనికిరాదు. దాన్ని విడగొట్టాలి. రొమ్ము ఎముక కింది సగం మీద చేయి ఉంటే 2. 30 నొక్కులు 15 నుంచి 18 సెకన్లలో పూర్తయితే 3, అంటే నిమిషానికి 100 నుంచి 120 అన్నమాట; స్టాప్‌వాచ్ చాలు. 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు 3. కానీ ఆ లోతు కంటికి అందదు. సెన్సరో, క్లిక్‌మనే శబ్దమో లేని బొమ్మ ఉన్నచోట ఈ 3 మార్కులూ ఊహే అవుతాయి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనిస్తే 2, ఛాతీ పైకి లేచేలా రెండు శ్వాసలిస్తే 2, మధ్యలో 10 సెకన్లకు మించి ఆగకపోతే 2.

ఒక షరతు విడిగా రాయాలి: అసలు నొక్కడమే మొదలుపెట్టనివాడు మిగతావన్నీ చేసినా తప్పినట్టే. లేకపోతే పక్క పనులకు వచ్చిన మార్కులు ప్రాణం నిలిపే పనిని కప్పేస్తాయి.

కార్డును వాడే ముందు ఒకే విద్యార్థికి ఇద్దరు పరీక్షకుల చేత విడివిడిగా మార్కులు వేయించి, వరుస వరుసా పోల్చాలి. మొత్తం కలిసిందని సంతోషపడకూడదు. ఏ వరుసలో ఇద్దరూ తేడాపడ్డారో ఆ వాక్యాన్ని తిరగరాయాలి.