‘yes’ కొట్టే ముందు ఒక్క నిమిషం

క్యాంపస్ నుంచి వచ్చి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైన కుర్రాడు. కంపెనీ పని మీద బెంగళూరు వెళ్లాడు. రాత్రి పదకొండింటికి హోటల్ గదిలో కూర్చుని, హోటల్ వైఫై మీదే మా టీమ్ టెస్ట్ సర్వర్‌లోకి వెళ్లబోయాడు. రోజూ తెరుచుకునే సర్వర్ ఆ రాత్రి తెరుచుకోలేదు. దానికి బదులు స్క్రీన్ మీద ఇది కనిపించింది:

```
WARNING: REMOTE HOST IDENTIFICATION HAS CHANGED!
...
Host key verification failed.
```

రెండు రోజుల తర్వాత ఆఫీసు కింద టీ తాగుతూ మామూలుగా చెప్పాడు. “అన్నా, మొన్న రాత్రి ఏదో కీ ఎర్రర్ వచ్చింది. నెట్‌లో వెతికితే ఒక కమాండ్ దొరికింది. అది కొట్టి, yes అని, పాస్‌వర్డ్ ఇచ్చా. ఓపెన్ అయిపోయింది.”

నాకు టీ చేదెక్కింది. వెంటనే పైకెళ్లి లాగ్‌లన్నీ తిరగేశాం. గంట తర్వాత తేలిందేమిటంటే, అదే రోజు మధ్యాహ్నం మా టీమ్‌లోనే ఒకరు ఆ సర్వర్‌ను చెరిపేసి కొత్తగా కట్టారు. అందుకే గుర్తింపు మారింది. ఎవరూ చొరబడలేదు. “ఏమీ కాలేదుగా, వదిలేయండి” అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. ఫలితం బాగుంది, నిర్ణయం మాత్రం తప్పు. ఆ రాత్రి ఆ అబ్బాయికి ఈ విషయమేదీ తెలియదు కదా!

ఎయిర్‌పోర్టు వైఫై, హోటల్ వైఫై వాడొద్దని చెప్పే సలహాలు చాలానే చదివి ఉంటారు. నా అభిప్రాయం వేరు. వైఫై దానంతట అదిగా మన నుంచి లాక్కోగలిగింది ఈరోజుల్లో తక్కువే. మనం చదవకుండా ‘సరే’ అని నొక్కి ఇచ్చేదే ఎక్కువ.

గాలిలో కనిపించేది ఎంత?

ముందు భయాన్ని కొలుచుకుందాం. బ్రౌజర్‌లో సైటు https తో తెరుచుకుంటే, లోపల మీరు టైప్ చేసిన పాస్‌వర్డ్ గానీ, చదివిన మెయిల్ గానీ వైఫై నడిపేవారికి కనిపించదు. అయితే మీరు ఏ సైటుకు వెళ్తున్నారో ఆ పేరు చాలాసార్లు కనిపిస్తుంది. ఎందుకంటే సైటు పేరును అడ్రస్‌గా మార్చే ప్రశ్నకు సాధారణంగా ఆ హోటల్ నెట్‌వర్కే జవాబిస్తుంది. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు కూడా ఆ పేరు ఎక్కువగా బయటికే వెళ్తుంది.

సర్వర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కూడా అంతే. మీరు కొట్టే కమాండ్లు కనిపించవు. ఏ అడ్రస్‌కు, ఎన్ని గంటలకు, ఎంతసేపు కనెక్ట్ అయ్యారన్నది కనిపిస్తుంది. సర్వర్‌లో నడుస్తున్న ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా మొదటి పలకరింపులో విప్పి ఉన్న అక్షరాల్లోనే వస్తుంది. ఉత్తరం లోపలి సంగతి భద్రం, కవరు మీది చిరునామా మాత్రం అందరికీ తెలుస్తుంది.

మరి ఆ కుర్రాడి విషయంలో నేనెందుకు కంగారుపడ్డాను? ఆ కవరు ఎవరి చేతికి అందుతోందో చూసుకోవాల్సిన పని మనదే కాబట్టి.

సర్వర్ అడిగేది ఒకే ప్రశ్న

ఎస్‌ఎస్‌హెచ్‌తో ఏ సర్వర్‌కైనా మొదటిసారి వెళ్తే ఇలా అడుగుతుంది:

```
Are you sure you want to continue connecting (yes/no/[fingerprint])?
```

దీని పైన SHA256 అని మొదలయ్యే ఒక పొడుగాటి అక్షరాల వరస ఉంటుంది. అది సర్వర్ వేలిముద్ర. మీరు yes అనగానే మీ ల్యాప్‌టాప్ దాన్ని known_hosts అనే ఫైల్‌లో రాసుకుంటుంది. మర్నాటి నుంచి సరిపోల్చి చూస్తుంది, సరిపోతే ఏమీ అడగదు. సరిపోకపోతేనే పైన చూసిన హెచ్చరిక ఇస్తుంది.

ఇప్పుడు హోటల్‌కు వద్దాం. మీ సర్వర్ పేరుకు అడ్రస్ చెప్పేది ఆ నెట్‌వర్కే అనుకున్నాం కదా. దాన్ని నడిపేవాడు, లేదా అదే పేరుతో పక్క గదిలో నకిలీ వైఫై పెట్టినవాడు, తన సొంత మెషీన్ అడ్రస్ చెప్పవచ్చు. మీ ల్యాప్‌టాప్ అక్కడికే వెళ్తుంది. కనెక్షన్ పక్కాగా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, కానీ ఆ మెషీన్‌తో! రహస్యం చెవిలోనే చెప్పాం, ఆ చెవి ఎవరిదో చూడలేదు. మీరు ఇచ్చిన పాస్‌వర్డ్ అతని చేతిలో పడుతుంది. దాన్ని అసలు సర్వర్‌కు పంపి, మధ్యలో కూర్చుని మీకు అంతా మామూలుగా జరుగుతున్నట్టే చూపించగలడు.

ఈ మోసాన్ని పట్టించేది ఆ వేలిముద్ర ఒక్కటే. మా అబ్బాయికి నెట్‌లో దొరికిన కమాండ్ ఇది:

```
ssh-keygen -R testserver
```

ఇది పాత వేలిముద్రను చెరిపేస్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్ “ఈయన మన మనిషి కాదండీ” అంటే వాచ్‌మన్‌నే పంపేసినట్టు! కమాండ్ తప్పు కాదు. సర్వర్ నిజంగా మారిందని తెలిశాక వాడటానికే అది ఉంది.

ఆ రాత్రి అతను చేయాల్సింది ఇంతే. సర్వర్ చూసుకునేవారికి ఫోన్ చేసి “మనం సర్వర్ మార్చామా?” అని అడగాలి. మార్చామంటే, సర్వర్ మీద ఈ కమాండ్ కొట్టి వేలిముద్ర పంపమనాలి:

```
ssh-keygen -lf /etc/ssh/ssh_host_ed25519_key.pub
```

అప్పుడు పాతది చెరిపేసి మళ్లీ కనెక్ట్ కావాలి. ప్రశ్న వచ్చినప్పుడు yes అనకుండా, వాళ్లు పంపిన వేలిముద్రనే అక్కడ పేస్ట్ చేయవచ్చు. సరిపోతేనే లోపలికి వెళ్తుంది. కంటితో అక్షరం అక్షరం పోల్చుకునే బాధ ఉండదు. ఫోన్ ఎత్తకపోతే? పని పొద్దున చేసుకోవాలి, లేదా సొంత మొబైల్ హాట్‌స్పాట్ మీద ప్రయత్నించాలి. హాట్‌స్పాట్ మీద హెచ్చరిక రాకపోతే అనుమానం హోటల్ నెట్‌వర్క్ మీదే. అక్కడా అదే వేలిముద్ర వస్తే, మారింది సర్వరే అయ్యే అవకాశం ఎక్కువ. అయినా అడిగి తేల్చుకోవాల్సిందే.

పాస్‌వర్డ్ బదులు కీ వాడి ఉంటే నష్టం తగ్గేది. కీతో చేసే సంతకం ఆ ఒక్క కనెక్షన్‌కే చెల్లుతుంది, దొంగ దాన్ని అసలు సర్వర్‌కు తీసుకెళ్లి వాడుకోలేడు. అలాగని పూర్తి రక్షణ కాదు. నకిలీ సర్వర్‌లో కూర్చుని మీరు sudo పాస్‌వర్డ్ కొడితే అదీ పోయినట్టే.

టన్నెల్ ఉందిగా అంటే...

“మా కంపెనీ వీపీఎన్ ఇచ్చింది, ఇవన్నీ మాకెందుకు?” అని మీరు అనవచ్చు. వీపీఎన్ మంచిదే. ఆన్‌లో ఉన్నంతసేపు హోటల్‌వారికి ఒకే టన్నెల్ కనిపిస్తుంది, లోపల ఏ సర్వర్‌కు వెళ్తున్నారో తెలియదు. కానీ వైఫైలో చేరిన క్షణానికీ టన్నెల్ లేచిన క్షణానికీ మధ్య ఖాళీ ఉంటుంది. రూమ్ నంబరో, మొబైల్ ఓటీపీయో అడిగే హోటల్ పేజీ దాటేదాకా వీపీఎన్ లేవదు. దాటగానే మెయిల్, చాట్ యాప్‌లు దానికంటే ముందే పరుగు తీస్తాయి. అందుకే ముందు వాటిని మూసి, వీపీఎన్ లేచాక తెరవడం మేలు.

ఇంకొకటి కూడా ఉంది. 2024 మే నెలలో పరిశోధకులు ‘టన్నెల్‌విజన్’ అనే పద్ధతిని బయటపెట్టారు. వైఫై మీకు అడ్రస్ ఇచ్చేటప్పుడే, “ఫలానా దారిన వెళ్లు” అని ల్యాప్‌టాప్‌కు దారులు కూడా చెప్పగలదు. ఆ సదుపాయాన్ని వాడుకుని ట్రాఫిక్‌ను టన్నెల్ బయటికి మళ్లించవచ్చు. వీపీఎన్ యాప్ మాత్రం ‘కనెక్టెడ్’ అనే చూపిస్తుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ సూచనను పట్టించుకోవు కాబట్టి వాటికి ఈ బెడద లేదు. లినక్స్ ల్యాప్‌టాప్‌లో ఇలా చూసుకోవచ్చు:

```
ip route get 8.8.8.8
```

ట్రాఫిక్ అంతా టన్నెల్‌లో వెళ్లాల్సిన వీపీఎన్ అయితే, జవాబులో dev పక్కన tun0, wg0 లాంటి పేరుండాలి. wlan0 అని వైఫై పేరు ఉంటే అది బయటికి పోతున్నట్టు. ఆఫీసు ట్రాఫిక్‌ను మాత్రమే టన్నెల్‌లో పంపే కంపెనీలూ ఉన్నాయి. అక్కడ 8.8.8.8 బదులు ఆఫీసు సర్వర్ అడ్రస్ పెట్టి చూడాలి. ఒకవేళ ట్రాఫిక్ బయటికి పోయినా https, ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు అలాగే ఉంటాయి. అంటే చివరి కాపలా మళ్లీ ఆ వేలిముద్ర ప్రశ్నే.

సేవ్ చేసిన పాస్‌వర్డ్ చెప్పే సంగతి

2024లోనే ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు ఒక వ్యక్తిపై కేసు పెట్టారు. ఎయిర్‌పోర్టుల్లో, విమానాల్లో అసలైనదిలా కనిపించే నకిలీ వైఫై పెట్టాడని అభియోగం. చేరినవారికి ఈమెయిల్ లేదా సోషల్ మీడియా ఖాతాతో లాగిన్ అవమనే పేజీ వచ్చేది. విమానంలో అనుమానాస్పద నెట్‌వర్క్‌ను సిబ్బంది గమనించి చెప్పడంతో విషయం బయటపడింది.

అలాంటి పేజీలో మీ బ్రౌజర్ సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ను తనంతట తాను నింపదు. అది చూసేది పేజీ రంగులూ లోగోలూ కాదు, సైటు పేరు. పేరు వేరైతే ఊరుకుంటుంది. “ఇవాళ ఆటోఫిల్ పనిచేయట్లేదేంటి?” అని విసుక్కుని చేత్తో టైప్ చేశారో, మళ్లీ అదే చదవని yes కొట్టినట్టు.

దీనికీ ఒక లొసుగు ఉంది. ఇంట్లో రూటర్ పేజీ 192.168.1.1 కి పాస్‌వర్డ్ సేవ్ చేసి ఉంటారు. ఆ అడ్రస్ ఏ హోటల్‌లోనైనా ఉండవచ్చు. అక్కడ https కూడా ఉండదు కాబట్టి మీ ఇల్లో, పరాయి చోటో బ్రౌజర్ తేల్చుకోలేదు. అలాంటి వాటిని సేవ్ చేసిన జాబితా నుంచి తీసేయండి. ఫోన్‌లో సేవ్ అయి ఉన్న పాస్‌వర్డ్ లేని వైఫైలనూ ‘ఫర్గెట్’ కొట్టేయండి. లేకపోతే అదే పేరు ఎక్కడ కనిపించినా ఫోన్ మీకు చెప్పకుండానే చేరిపోగలదు.

మా కుర్రాడికి ఆ రోజే సర్వర్ పాస్‌వర్డ్ మార్పించి, కీ పెట్టించాం. సర్వర్ మార్చిన సంగతి టీమ్‌కు చెప్పని పెద్దాయనకూ చీవాట్లు పడ్డాయి. అవి ఇంకాస్త గట్టిగానే పడాలని నా ఉద్దేశం. ఇప్పుడు మా టీమ్‌లో సర్వర్ మారిస్తే కొత్త వేలిముద్ర గ్రూపులో పెట్టాకే మిగతా మాట. మొన్న ఎయిర్‌పోర్టు నుంచి ఆ అబ్బాయే ఫోన్ చేశాడు. “అన్నా, కీ మారిందంటోంది. మనం మార్చామా?” మార్చాం. అయినా అడిగాడు, చాలు.