ఆ ఆరు మాత్రలు... వారం మొత్తానికి!

మెడికల్ షాపులో షీటు కత్తిరించి చేతిలో పెడతారు కానీ, డబ్బాలో మడతపెట్టి ఉన్న కాగితం మాత్రం మనదాకా రాదు. నెమలిలో మా పిన్నికి తిరువూరు నుంచి మందులు తెచ్చేది నేనే. అందుకే ఆ కాగితం అడిగి తెచ్చుకుంటా. అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేస్తే సరి. కాగితం లేదంటే methotrexate patient information leaflet అని వెతికితే దొరుకుతుంది.

పిన్నికి కీళ్లవాతం. డాక్టర్ రాసింది మెథోట్రెక్సేట్, వారానికి 15 మిల్లీగ్రాములు. కాగితంలో ముందు చూడాల్సింది 'వారానికి ఒకసారి' అన్న మాట. కీళ్లవాతానికి దీన్ని రోజూ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది, అలా పొరపాటున వాడి చనిపోయినవాళ్లూ ఉన్నారు. రక్తకణాలు తయారయ్యే చోటునే ఇది దెబ్బతీస్తుంది మరి.

రెండోది బలం. మొదట 2.5 మిల్లీగ్రాముల మాత్రలు ఇచ్చారు, అంటే బుధవారం ఆరు మాత్రలు. తర్వాతి నెల షాపులో 10 మిల్లీగ్రాములవి చేతిలో పెట్టారు. పిన్ని అలవాటు కొద్దీ ఆరు లెక్కపెడితే 60! షీటు మీద అంకె చూసి వెంటనే వెనక్కిచ్చేశాను. ఇంకో తిరకాసు ఏంటంటే, దీంతోపాటు రాసే ఫోలిక్ యాసిడ్ కూడా చాలాసార్లు పసుపు మాత్రే. అందుకే మా ఇంట్లో రెండూ వేర్వేరు డబ్బాల్లో ఉంటాయి.

బుధవారం మర్చిపోతే? సాధారణంగా కాగితంలో ఉండేది ఇదీ: రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, దాటితే ఆ వారం వదిలేసి మళ్లీ బుధవారమే. రెండు డోసులు కలిపి మాత్రం వద్దు.

ఇతర మందుల భాగంలో నేను ఎర్రగీత గీసిన పేరు కోట్రైమాక్సజోల్. మూత్రంలో మంటకు వాడే యాంటీబయాటిక్ ఇది. రెండూ శరీరంలో ఫోలేట్ పనినే అడ్డుకుంటాయి, కలిస్తే రక్తకణాలు పడిపోతాయి. "ఒంట్లో బాగాలేదు" అని ఊళ్లో ఎవరి దగ్గరకెళ్లినా ముందు మెథోట్రెక్సేట్ పేరు చెప్పమని పిన్నికి చెప్పా. నొప్పి మాత్రలు కూడా అడక్కుండా కొనద్దు, కిడ్నీలు ఈ మందుని బయటికి పంపడం తగ్గిపోవచ్చు.

దుష్ప్రభావాల జాబితా చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. కొంచెం వికారం, నీరసం వస్తే తర్వాతిసారి డాక్టర్‌కి చెప్పచ్చు. కానీ నోట్లో పుళ్లు, జ్వరంతో గొంతునొప్పి, కారణం లేకుండా కమిలిన మచ్చలు, పొడిదగ్గుతో ఆయాసం, కళ్లు పచ్చబడటం... వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఫోన్ చేయాలి, తర్వాతి డోసు డాక్టర్ చెప్పేదాకా వేసుకోకూడదు. ఆగని వాంతులు, విరేచనాలు కూడా ఇదే లెక్క. ఒంట్లో నీరు తగ్గితే మందు లోపలే పేరుకుంటుంది.

పిన్ని ఫోన్‌లో ఇప్పుడు బుధవారం అలారం ఒక్కటే ఉంది. దాని పేరు 'ఆరు, 2.5వి'.