గురక గాఢనిద్రకు గుర్తు కాదు

"ఒక పెగ్గు పడితే గానీ నిద్ర పట్టడం లేదు డాక్టరు గారూ" అనే మాట నా ఉద్యోగ కాలంలో తరచుగా వింటూ వచ్చాను. మద్యం తాగితే కునుకు త్వరగా పడుతుందన్న మాట నిజమే. అయితే అది రాత్రి మొదటి సగానికి సంబంధించిన నిజం మాత్రమే. తక్కిన సగం సంగతి చూడకుండా మద్యాన్ని నిద్రమందు అనడం పొరపాటని నా అభిప్రాయం.

దబీర్‌పురా దర్వాజా దగ్గర దుకాణం కట్టి ఇల్లు చేరిన ఒకరిని ఊహించుకోండి. రాత్రి పదిన్నరకు క్వార్టరులో సగం, అంటే 90 మి.లీ. విస్కీ తాగి, పదకొండింటికి పడుకున్నాడు. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది కనుక, అతని ఒంట్లోకి చేరిన ఆల్కహాలు సుమారు 30 గ్రాములు. కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాములు మాత్రమే కరిగించగలదు. కాబట్టి రెండు, మూడు గంటల వేళకు గానీ అది పూర్తిగా పోదు.

అది ఒంట్లో ఉన్నంతసేపూ మెదడును మందగింపజేస్తుంది. కలలు వచ్చే నిద్రదశను అణచివేస్తుంది. దిగిపోగానే, అంతవరకు అణగి ఉన్న మెదడు ఎదురు తిరుగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, చెదిరిన కలలు వస్తాయి. మద్యం మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది కనుక అందుకోసమూ లేవవలసి వస్తుంది. "మూడింటికి మెలకువ వచ్చి మళ్ళీ కన్ను మూతపడలేదు" అనడానికి కారణం ఇదే.

ఇక గురక. నిద్రలో నాలుక, గొంతు కండరాలు సహజంగానే కొంత సడలుతాయి. మద్యం వాటిని మరింత సడలిస్తుంది. ఇరుకైన దారిలో గాలి దూరేటప్పుడు మెత్తని కణజాలం అదిరి శబ్దం పుడుతుంది. దారి పూర్తిగా మూసుకుంటే శ్వాస కొన్ని క్షణాలు ఆగి, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు మెదడు ఉలిక్కిపడి గొంతు తెరిపిస్తుంది. ఈ మెలకువలు అతనికి గుర్తుండవు. చూసేవారు మాత్రం "గుర్రు పెట్టి హాయిగా పడుకున్నాడు" అనుకుంటారు.

మీ ఇంట్లో ఈ సమస్య ఉంటే పక్కన పడుకునేవారిని అడగండి. తాగిన రాత్రికీ, తాగని రాత్రికీ గురకలో తేడా ఉందా? మధ్యలో శ్వాస ఆగి, ఒక్కసారిగా ఎగశ్వాస వస్తోందా? తాగని రాత్రులలోనూ అలా జరుగుతుంటే, పొద్దున తలనొప్పి, పగలు కునికిపాట్లు ఉంటే, నిద్రపరీక్ష చేయించుకోవాలి.

రెండు హెచ్చరికలు. మద్యం మీద నిద్రమాత్ర వేసుకుంటే శ్వాస మందగించి ప్రాణానికే ముప్పు రావచ్చు. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు. వారు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి.